స్టోన్ కోటెడ్ టైల్సా, కాంక్రీట్ పెంకులా? తుఫాను తీరంలో వాలు కప్పు ఎంచుకోవడం ఎలా

విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా, ఇటు కోనసీమ దాకా, ఇంటి మీద వాలు కప్పు వేయించుకునేవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "బరువున్నవైతే గాలికి లేవవు కదా, కాంక్రీట్ పెంకులే వేయిద్దామా?" ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. దాన్ని అలాగే పట్టుకుని ఇల్లు కడితే, తుఫాను వచ్చిన రాత్రి అంచు వరసలు లేచిపోయి, మధ్యలో పెంకులు మాత్రం చెక్కుచెదరకుండా మిగులుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తర్వాత నేను ఎక్కి చూసిన కప్పుల్లో చాలావాటి పరిస్థితి ఇదే. పెంకు బరువుగానే ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన స్క్రూ మాత్రం లేదు.

కాంక్రీట్ పెంకులకు పోటీగా ఇప్పుడు దొరికేవి స్టోన్ కోటెడ్ టైల్స్, అంటే రాతి రవ్వలు అతికించిన ఉక్కు రేకులు. ఈ రెండిటి మధ్య ఎలా తేల్చుకోవాలో ఒక ఇంటి లెక్కతో చెబుతాను. ఇల్లు విశాఖలో, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల ఉందనుకోండి. పై అంతస్తు గోడల మీద రెండు వైపులా వాలు కప్పు. చూరుతో కలిపి పొడవు 40 అడుగులు, వెడల్పు 30 అడుగులు, వాలు 25 డిగ్రీలు. పైనుంచి చూస్తే 1,200 చదరపు అడుగులు. వాలుగా ఉంటుంది కాబట్టి పెంకులు పరిచే అసలు విస్తీర్ణం సుమారు 1,325 చదరపు అడుగులు, అంటే 123 చదరపు మీటర్లు. కొటేషన్ తీసుకునేటప్పుడు ఈ రెండో అంకె మీదే మాట్లాడండి.

మొదటి అడుగు: పెంకు కింద ఏం వస్తుందో తేల్చుకోండి

మన దగ్గర వాలు కప్పులు రెండు రకాలు. వాలుగా స్లాబ్ పోసి, అందం కోసం, ఎండ తగ్గడం కోసం దాని మీద పెంకులు పరిచేవి మొదటి రకం. స్లాబ్ లేకుండా ట్రస్సులనే ఇనుప చట్రాలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా పర్లిన్లు, ఆ పైన పెంకు తగులుకునే సన్నటి రీపర్లు పెట్టి వాటి మీదే పెంకులు వేసేవి రెండో రకం.

స్లాబ్ ఉంటే సగం చర్చ అక్కడే అయిపోతుంది. నాలుగంగుళాల స్లాబే చదరపు మీటరుకు 250 కిలోలు తూగుతుంది. దాని మీద కాంక్రీట్ పెంకులు మరో 46 కిలోలు కలుపుతాయి. స్లాబ్ డిజైన్ చేసేటప్పుడే ఇంజనీరుకు ఈ మాట చెబితే అది పెద్ద భారం కాదు. వాన చప్పుడు కిందికి దిగదు. ఒక పెంకు లేచిపోయినా ఇంట్లోకి నీళ్ళు రావు. అలాంటి ఇంటికి కాంక్రీట్ పెంకులు వేయించుకోండి, ఖర్చు కూడా తగ్గుతుంది. పాత స్లాబ్ మీద కొత్తగా వేయిస్తుంటే మాత్రం అది ఈ బరువు మోయగలదా అని ముందు ఇంజనీరుకు చూపించండి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా రెండో రకం గురించి. ఇనుప ట్రస్ మీద వేసే కప్పుకే బరువూ చప్పుడూ గాలీ అన్నీ సమస్యలవుతాయి.

రెండో అడుగు: బరువు లెక్క వేయండి

స్టోన్ కోటెడ్ టైల్ అంటే సుమారు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకు. దానికి అల్యూమినియం, జింకు కలిసిన పూత ఉంటుంది. ఆ పైన అక్రిలిక్ జిగురుతో రాతి రవ్వలు అతికిస్తారు. చూడటానికి పెంకులా ఉన్నా, నిజానికి అది నాలుగడుగులు దాటిన పొడవున్న ఒక పలక. పరిచాక చదరపు అడుగుకు 0.6 కిలోల చుట్టూ పడుతుంది. మన 1,325 అడుగుల కప్పుకు మొత్తం 800 కిలోలు.

కాంక్రీట్ పెంకు ఒక్కొక్కటి సుమారు 4.6 కిలోలు. చదరపు మీటరుకు పది పడతాయి. అంటే చదరపు అడుగుకు 4.3 కిలోలు, మొత్తం కప్పుకు 5,700 కిలోలు. వానలో తడిస్తే పెంకు నీళ్ళు పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది. మంచి పెంకైనా పది శాతం దాకా పీల్చుకోవచ్చు కాబట్టి ట్రస్ డిజైన్‌కి 6,300 కిలోలు పట్టుకోవాలి.

ఏడెనిమిది రెట్ల తేడా ఇది. ఈ తేడా ముందుగా కనిపించేది ఇనుములో. స్టోన్ కోటెడ్ కింద రీపర్లతో సహా చదరపు మీటరుకు 13 కిలోల ఇనుముతో సరిపెట్టగలిగితే, కాంక్రీట్ పెంకుల కింద 20 నుంచి 22 కిలోలు కావాలి. మన ఇంటికి ఒకటి 1,600 కిలోలు, రెండోది 2,600 కిలోలు. మీ ట్రస్ పొడవును, ఆకారాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి గానీ నిష్పత్తి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఫాబ్రికేటర్ రెండు కప్పులకూ ఒకే డిజైన్ చూపించి "ఏదైనా వేసుకోవచ్చండీ" అంటే ఆగండి. ఆ డిజైన్ కాంక్రీట్ పెంకులకు చాలదు, లేదంటే స్టోన్ కోటెడ్‌కి అనవసరపు ఖర్చు.

తక్కువ ఇనుముతో కాంక్రీట్ పెంకులు వేస్తే ఏమవుతుందో రెండు మూడేళ్ళకు బయటపడుతుంది. రోడ్డు మీద నిలబడి కొప్పు గీతను చూడండి. ట్రస్సుల దగ్గర ఎత్తుగా, మధ్యలో కిందికి జారి అలలా కనిపిస్తే పర్లిన్లు వంగాయని అర్థం. అప్పుడు పెంకుల మధ్య సందులు విచ్చుకుంటాయి, ఏటవాలు వాన లోపలికి కొడుతుంది.

మూడో అడుగు: గాలి గుంజుడు ఎంతో చూడండి

గాలి కప్పును నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. వాలు కప్పు మీద అది ఎక్కువ చోట్ల పైకి గుంజుతుంది. కొప్పు దాటి అవతలికి పరుగెత్తే గాలి అక్కడ పీడనాన్ని తగ్గిస్తుంది, కప్పు పైకి లేవాలని చూస్తుంది. కిటికీ ఒకటి పగిలితే లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. రెండూ కలిస్తేనే కప్పులు ఎగురుతాయి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు అది 44. పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఈ ఆరు మీటర్ల తేడాకే విశాఖ కప్పు మీద బలం 29 శాతం ఎక్కువ. హైదరాబాదులో నిలబడిన డిజైన్‌ని విశాఖకు తెచ్చి వేయకూడదని చెప్పేది అందుకే.

సూత్రం చిన్నదే: వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో పీడనం వస్తుంది. 50 మీటర్లకు అది 1,500 న్యూటన్లు, కిలోల్లో చెప్పుకుంటే చదరపు మీటరుకు సుమారు 150. దీన్ని కప్పు ఆకారానికి తగిన గుణకంతో హెచ్చించాలి. మొత్తం కప్పుకు సగటున 0.8 అనుకుంటే, చదరపు మీటరుకు 120 కిలోల గుంజుడు. మన ఇంటి కప్పు పైనుంచి చూస్తే 111 చదరపు మీటర్లు. అంటే దాదాపు 13.4 టన్నుల బలం కప్పును పైకి లాగుతుంది.

ఇప్పుడు ఈ గుంజుడును కప్పు బరువులతో పోల్చి చూడండి. స్టోన్ కోటెడ్ కప్పు ఇనుముతో కలిపి 2.4 టన్నులు. గుంజుడులో మిగిలిన 11 టన్నులనూ గోడకు దిగే బోల్టులే ఆపాలి. కాంక్రీట్ పెంకుల కప్పు ఇనుముతో కలిపి 8.3 టన్నులు. అయినా ఇంకా 5 టన్నులు మిగిలే ఉంది. ట్రస్సులు పదేసి అడుగులకు ఒకటి చొప్పున ఐదు, ఒక్కోదానికి రెండు కాళ్ళు అనుకుంటే, స్టోన్ కోటెడ్‌కి కాలుకు 1.1 టన్నులు, కాంక్రీట్ పెంకులకు అర టన్ను. ఇవి నేను చూపించిన ముడి అంకెలు. ఇంజనీరు వీటికి భద్రతా గుణకాలు కలిపి ఇంకా పెద్ద బోల్టు ఇస్తారు. చివరి ట్రస్సుల మీద బలం పంపకం కూడా వేరుగా ఉంటుంది.

బరువు పనికిరాదని కాదు, దాని సాయం ఉంది. కానీ అది చాలదు. కాంక్రీట్ పెంకులు వేసినా ట్రస్ కాళ్ళను గోడకు కట్టాల్సిందే. తేలికైనవి వేస్తే అదే కట్టు రెట్టింపు గట్టిగా ఉండాలి.

ఒక్కో పెంకు సంగతి ఇంకా గట్టిగా చూడాలి. 13 టన్నులు మొత్తం కప్పు లెక్క. చూరు అంచుల్లో, రెండు చివర్లలో, కొప్పు పక్కన గుంజుడు మధ్యలో కంటే ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటుంది. అంటే చదరపు అడుగుకు 17 నుంచి 22 కిలోలు. అక్కడ కాంక్రీట్ పెంకు బరువు చదరపు అడుగుకు 4.3 కిలోలు. పెంకుల సందుల్లోంచి గాలి కొంత తప్పించుకుంటుంది, పెంకుల కింద బోర్డు పరచి ఉంటే ఆ బలంలో కొంత బోర్డే తీసుకుంటుంది. అయినా అంచుల్లో బరువును నమ్ముకుని వదిలేసే పరిస్థితి లేదు. హుద్‌హుద్ తర్వాత అంచు వరసలే పోయి మధ్యవి మిగలడానికి కారణం ఇదే.

ఈ అంచు పట్టీ వెడల్పు ఇంటి వెడల్పులో 15 శాతం అని లెక్క పెట్టుకోండి. మన ఇంటికి నాలుగున్నర అడుగులు. పెంకుల్లో చెప్పాలంటే చూరు నుంచి నాలుగు వరసలు.

నాలుగో అడుగు: బిగింపు రాతపూర్వకంగా తీసుకోండి

నా ఉద్దేశంలో ఈ అడుగు మీదే మీ కప్పు ఉంటుందో పోతుందో తేలుతుంది. పెంకు బ్రాండ్ గురించి పది రోజులు తిరిగి, బిగింపు గురించి ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను.

కాంక్రీట్ పెంకు వెనక రెండు మొనలు ఉంటాయి. వాటితో అది రీపరుకు తగులుకుని నిలుస్తుంది. అలా తగిలించడమే చాలనుకుని చాలామంది మేస్త్రీలు మూడు నాలుగు వరసలకు ఒక వరసకే స్క్రూ వేస్తారు. తీర ప్రాంతంలో ప్రతి పెంకుకూ స్క్రూ ఉండాలి. పెంకు తలవైపు, అంటే కొప్పు వైపు ఉండే అంచు దగ్గర, స్క్రూ కోసం రెండు రంధ్రాలు ఉంటాయి. అంచు పట్టీలో రెండూ వాడమనండి.

తలవైపు స్క్రూ వేసినా తోకవైపు స్వేచ్ఛగానే ఉంటుంది. గాలి కొట్టినప్పుడు తోక లేచి పడుతూ టకటకలాడుతుంది. గంటల తరబడి అలా కొట్టుకుంటే పెంకు స్క్రూ దగ్గర పగులుతుంది. అందుకే చూరు నుంచి నాలుగు వరసలకూ, రెండు చివర్లకూ తోకను పట్టే క్లిప్పులు వేయాలి. ఇవి చిన్న లోహపు కొక్కేలు, పక్కనున్న పెంకు అంచును నొక్కి రీపరుకు కడతాయి. వీటిని అడిగి వేయించుకోండి. కొటేషన్‌లో దానంతట అది రాదు.

స్టోన్ కోటెడ్ పద్ధతి పూర్తిగా వేరు. కాంక్రీట్ పెంకులు చూరు నుంచి కొప్పుకు ఎక్కుతూ పరుస్తారు. స్టోన్ కోటెడ్ మామూలుగా కొప్పు నుంచి చూరుకు దిగుతూ వేస్తారు. కింది పలక తలను పై పలక కింది అంచైన ముక్కు కిందికి దూర్చి, ముక్కుకి ఉన్న నిలువు అంచులోంచి రెండు పలకలనూ కలిపి రీపరులోకి స్క్రూ కొడతారు. స్క్రూ అడ్డంగా దిగుతుంది. గాలి పైకి లాగితే స్క్రూ ఊడి రావడం కష్టం, ముందు అది తెగాలి. తుఫాను తట్టుకోవడంలో ఈ టైలుకు ఉన్న అసలు బలం అదే. తక్కువ బరువు వల్ల వచ్చే లోటును ఇది చాలావరకు పూడుస్తుంది.

అయితే ఇదంతా రీపరు సరైన చోట ఉంటేనే. ఈ పలకలకు రీపర్ల దూరం ఎక్కువగా 370 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కాంక్రీట్ పెంకులకు 345 మిల్లీమీటర్ల దాకా. మీరు కొనే కంపెనీ కాగితం మీద ఉన్న అంకె తీసుకుని, దాని ప్రకారం ఒక చెక్క గేజ్ కోసి వెల్డరుకు ఇవ్వండి. ప్రతిసారీ టేపుతో కొలిస్తే వరసకు రెండు మిల్లీమీటర్లు జారి, పదో వరసకి ముక్కు రీపరును అందుకోదు. అప్పుడు మేస్త్రీ పలకను లాగి వంచి స్క్రూ కొడతాడు, లేదా గాల్లోకి కొట్టి పోతాడు. నెల తర్వాత ఆ వరసే వదులై మోగుతుంది.

పలకకు ఎన్ని స్క్రూలు అన్నది ఆ కంపెనీ ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో ఎక్కువ గాలి ప్రాంతాలకు ఇచ్చిన పట్టిక నుంచి తీసుకోండి. మామూలు ప్రాంతాల అంకెతో సరిపెట్టుకోవద్దు. రీపరు మందం కూడా అందులోనే ఉంటుంది. సన్నటి రీపరులో స్క్రూ పట్టు నిలవదు.

కొప్పు గురించి ఒక్క మాట. కాంక్రీట్ పెంకుల కొప్పును సిమెంటు ముద్దలో కూర్చోబెట్టడం మన అలవాటు. ఇనుప ట్రస్ ఎండకు సాగి, రాత్రికి కుంచించుకుంటుంది. ఆ కదలికకు సిమెంటు రెండేళ్ళలో వదిలేస్తుంది. పైనుంచి బాగానే కనిపిస్తుంది, గాలికి మొదట లేచేది అదే. కొప్పు పొడవునా ఒక రీపరు పెట్టించి, ప్రతి కొప్పు పెంకునూ దానికి స్క్రూతో బిగించమనండి. సిమెంటు వేయాలనుకుంటే అది సందు మూయడానికి మాత్రమే.

ట్రస్ కాళ్ళకు వచ్చేసరికి, గోడ మీద చుట్టూ రింగ్ బీమ్ పోసి, పోసేటప్పుడే 16 మిల్లీమీటర్ల బోల్టులను కొక్కెంలా వంచి లోపల పెట్టాలి. ఇటుక గోడలో తర్వాత డ్రిల్ చేసి దిగ్గొట్టే యాంకర్లు టన్ను లాగుడుకు ఇటుకతో సహా వచ్చేస్తాయి. ఇక చూరు ఒకటిన్నర అడుగు మించకుండా చూసుకోండి. పొడుగు చూరు కింద గాలి తోస్తుంది, పైన గుంజుతుంది, రెండూ ఒకేసారి.

ఏటవాలు వాన కోసం రెండిటికీ రీపర్ల కింద నీరు చొరని అండర్‌లే షీటు పరిపించండి. 25 డిగ్రీల వాలు రెండు రకాలకూ సరిపోతుంది. ఎలివేషన్ కోసం 15 డిగ్రీలకు దించాలనుకుంటే కాంక్రీట్ పెంకుల ఆలోచన మానుకోండి. ఆ వాలులో తుఫాను గాలి నీళ్ళను సందుల్లోంచి పైకి తోస్తుంది.

ఐదో అడుగు: చప్పుడు చెవితో విని తేల్చుకోండి

ఇక్కడ కాంక్రీట్ పెంకులదే పైచేయి. బరువైన వస్తువు చినుకు దెబ్బకు కంపించదు, అంతే కారణం. స్టోన్ కోటెడ్ టైల్ మామూలు రేకంత మోగదు. రాతి రవ్వలు చినుకును విరిచేస్తాయి, జిగురు పొర కంపనాన్ని కొంత అణుస్తుంది. కానీ "అస్సలు చప్పుడు ఉండదు" అని చెప్పే సేల్స్ మాట నమ్మకండి. కింద ఏమీ లేకుండా రీపర్ల మీదే వేస్తే గట్టి వానలో టీవీ సౌండ్ పెంచాల్సిందే.

దుకాణంలోనే చిన్న పరీక్ష చేసి చూడండి. నాలుగు స్టోన్ కోటెడ్ పలకలను రెండు రీపర్ల మీద వాలుగా పెట్టించి, మీటరు ఎత్తు నుంచి గుప్పెడు బియ్యం జారవిడవండి. తర్వాత అదే పలక కింద ఫోమ్ ముక్కో, దూది పరుపో ఆనించి మళ్ళీ వదలండి. ఆ తర్వాత కాంక్రీట్ పెంకు మీద. మూడు చప్పుళ్ళూ వింటే మీ ఇంట్లో ఎవరికి ఏది కుదురుతుందో మీకే తెలుస్తుంది. పసిపిల్లలో, నిద్రపట్టని పెద్దవాళ్ళో ఉన్న గది అయితే ఈ పరీక్షకు వాళ్ళనూ తీసుకెళ్ళండి.

తగ్గించే దారి కష్టం కాదు. ఫాల్స్ సీలింగ్ మీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పరిస్తే వాన చప్పుడు బాగా తగ్గుతుంది, ఎండ వేడి కూడా ఆగుతుంది. ఇంకా నిశ్శబ్దం కావాలంటే పర్లిన్ల మీద ముందు సిమెంటు బోర్డు పరచి, దాని మీద అండర్‌లే, రీపర్లు, పలకలు వేయాలి. అప్పుడు బరువు పెరుగుతుంది, ఆ బరువును డిజైన్‌లో కలపాలి.

వాన ఆగాక కూడా కొన్ని చప్పుళ్ళు వినిపిస్తాయి. సాయంత్రం పూట లోహపు కప్పు చల్లబడుతూ టిక్కుటిక్కుమనడం మామూలే. గాలి వీచినప్పుడు ఒకే చోట నుంచి టకటక వస్తుంటే మాత్రం అక్కడ స్క్రూ వదులైంది, లేదా కాంక్రీట్ పెంకుకు క్లిప్పు లేదు. అది తుఫాను ముందు కప్పు మీకు చెబుతున్న మాట, వెంటనే చూపించండి.

ఆరో అడుగు: ఖర్చును మొత్తం కప్పుగా లెక్కించండి

పెంకు ధర ఒక్కటే పోల్చితే స్టోన్ కోటెడ్ ఎప్పుడూ ఓడిపోతుంది. ఇనుముతో కలిపి చూడాలి. కింద నేను వేసిన రేట్లు లెక్క చూపించడానికి అనుకున్నవి. మీ ఊరి కొటేషన్లు వాటి స్థానంలో పెట్టుకోండి.

కాంక్రీట్ పెంకులు చదరపు అడుగుకు 60 రూపాయలు; స్క్రూలు, క్లిప్పులు, కొప్పు, కూలితో 90 అనుకుందాం. 1,325 అడుగులకు దాదాపు 1,19,000. ఇనుము 2,600 కిలోలు, పెయింటు, వెల్డింగుతో కిలో 120 చొప్పున 3,12,000. మొత్తం 4,31,000.

స్టోన్ కోటెడ్ చదరపు అడుగుకు 110. బిగింపుతో 145 అనుకుందాం. 1,92,000. ఇనుము 1,600 కిలోలకు మరో 1,92,000. చప్పుడు కోసం రాక్‌వూల్ 1,200 అడుగులకు 25 చొప్పున 30,000. మొత్తం 4,14,000.

పెంకు దగ్గర 73,000 వెనకబడినది, మొత్తంలో 17,000 ముందుకు వచ్చింది. అంటే ట్రస్ మీద వేసే కప్పుకు రెండూ ఇంచుమించు సమానం, ఇనుము రేటు పెరిగిన కొద్దీ స్టోన్ కోటెడ్ లాభం. స్లాబ్ మీద వేస్తే ఇనుము లెక్క పోతుంది, అప్పుడు ఆ 73,000 తేడా పూర్తిగా కాంక్రీట్ పెంకుల వైపే.

కొటేషన్లలో ఒక మెలిక ఉంది. స్టోన్ కోటెడ్ పలక మొత్తం సైజు సుమారు 1,340 × 420 మిల్లీమీటర్లు, అంటే 6 చదరపు అడుగులు. ఒకదాని మీద ఒకటి ఎక్కాక అది కప్పేది 5 చదరపు అడుగుల పైచిలుకు మాత్రమే. అమ్మేవారు చదరపు అడుగు రేటును ఏ సైజుతో చెబుతున్నారో అడగండి. మొత్తం సైజుతో చెబితే మీ బిల్లు 15 శాతానికి పైగా పెరుగుతుంది. మన ఇంటికి దాదాపు 258 పలకలు, తరుగుతో 270. కాంక్రీట్ పెంకులు 1,230, పగుళ్ళకు కలుపుకుని 1,290. దాదాపు 6 టన్నుల ఆ సరుకును పై అంతస్తుకు మోయించే కూలి ఎవరిదో కూడా అప్పుడే రాయించుకోండి.

ఏడో అడుగు: సరుకు దిగగానే నాలుగైదు ముక్కలు పరీక్షించండి

కాంక్రీట్ పెంకును వేలితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు ఉంది. ఒక పొడి పెంకును తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. 4.6 కిలోల పెంకు 5.06 దాటితే ఎక్కువ నీళ్ళు పీలుస్తోందన్నమాట, లాట్ మార్చమని అడగండి.

స్టోన్ కోటెడ్‌లో మోసం మందంలో జరుగుతుంది. రాతి రవ్వలు మందాన్ని దాచేస్తాయి. పూత లేని అంచు దగ్గర మైక్రోమీటరుతో కొలవమనండి. పలకను తూచడం ఇంకా తేలిక. 3 కిలోల చుట్టూ ఉండాల్సింది రెండుంపావు తూగితే రేకు పలచన. లోహపు పూత చదరపు మీటరుకు 150 గ్రాములు అని కాగితం మీద ఉండాలి. సముద్రం దగ్గర అంతకంటే తక్కువ తీసుకోవద్దు. రూపాయి నాణెంతో గట్టిగా గీయండి. నాలుగైదు రవ్వలు రాలడం మామూలే, లోహం మెరిస్తే జిగురు పట్టలేదు. వేసిన మొదటి కొన్ని నెలలు గట్టర్‌లో కొద్దిగా రవ్వలు కనిపిస్తే కంగారు పడకండి. ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటే వారంటీ కాగితం తీయాలి.

ఆ వారంటీలో సముద్రానికి ఎంత దూరంలో చెల్లదో రాసి ఉంటుంది. బీచ్ రోడ్డు మీద ఇల్లయితే డబ్బు కట్టే ముందే ఆ వాక్యం వెతకండి. ఉప్పు గాలి మొదట తినేది కోసిన అంచుల్ని, స్క్రూ తలల్ని. గ్రైండరుతో కోస్తే నిప్పురవ్వలు పడి పూత కాలిపోతుంది. కత్తెర లాంటి కట్టర్‌తో కోసి, ఆ అంచుకి కంపెనీ ఇచ్చే సీలెంటు, రవ్వలు పూయించండి.

కొబ్బరి చెట్టు నీడ ఉన్న ఇళ్ళకు ఒక మాట. కాయ పడితే కాంక్రీట్ పెంకు పగులుతుంది, స్టోన్ కోటెడ్ సొట్టపడుతుంది. సొట్ట పడ్డా నీరు ఆగుతుంది, కానీ మధ్యలో ఒక పలక మార్చాలంటే పై వరస స్క్రూలు విప్పాలి. పగిలిన పెంకును పక్కవాటిని కొంచెం ఎత్తి లాగేసి, క్లిప్పు విప్పి, పదిహేను నిమిషాల్లో మార్చవచ్చు. అందుకే కాంక్రీట్ వేయిస్తే అదే రంగు పెంకులు పాతిక దాచుకోండి, తర్వాత ఆ రంగు దొరకదు. 2018లో తిత్లీ శ్రీకాకుళం తోటలను పడగొట్టినట్టు చెట్టే వచ్చి పడితే మాత్రం ఏ పెంకూ ఆగదు. కప్పు మీదికి వాలిన చెట్టును ముందే కొట్టించాలి.

చివరి బిల్లు ఇచ్చే ముందు

అంచు వరసలు మూసేలోపే స్క్రూలకు ఫొటోలు తీయించుకోండి. మూశాక లెక్కపెట్టలేరు. కాంక్రీట్ పెంకులైతే అంచు పట్టీలో పది చోట్ల తోకను చేత్తో పైకి లేపి చూడండి. వేలు దూరేంత లేస్తే క్లిప్పు లేదు. స్టోన్ కోటెడ్ అయితే ప్రతి వరస ముక్కునూ అరచేత్తో నొక్కండి, ఎక్కడైనా లోపలికి పోయి మళ్ళీ వస్తే అక్కడ రీపరు అందలేదు. ఎక్కేటప్పుడు స్టోన్ కోటెడ్ మీద పలక మధ్యలో కాకుండా ముక్కు దగ్గర, కింద రీపరు ఉన్న చోట అడుగు వేయండి. కాంక్రీట్ మీద పెంకు తోక వైపు, పక్క పెంకు మీద ఎక్కిన చోట.

తర్వాత హోస్ పైపు తీసుకుని చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు దాకా, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు నీళ్ళు కొట్టించండి. ఒకరు లోపల టార్చిలైటుతో ఉండాలి. కింద నుంచి పైకి వెళ్తేనే ఏ వరస కారుతోందో తెలుస్తుంది, పైనుంచి మొదలుపెడితే ఎక్కడ చుక్క పడ్డా కారణం దొరకదు. ఈ పరీక్ష అక్టోబరు రాకముందే పూర్తవ్వాలి, హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలో వచ్చినవే.